ఒకే బండి, అవే కుక్కలు. నా నాడి 122, మా బావది 64. ఎట్లా?

మల్కాజిగిరి కిరణ్ | రాత్రి 12:52

అందరికీ నమస్తే. నాది కామర్స్, బయాలజీ పదో తరగతితోనే వదిలేసిన. కొంచెం మెల్లగా చెప్పండి.

ఇందాక పదకొండున్నరకు మెట్టుగూడ నుంచి ఇంటికొస్తున్నాం. బండి నేను నడుపుతున్న, వెనకాల మా బావ. మా గల్లీ మలుపు దగ్గర చెత్తకుప్ప ఉంటది, దాని చుట్టూ ఏడెనిమిది కుక్కలు. రోజూ మొరిగి ఊరుకుంటయి, ఈరోజు మాత్రం ఒక్కసారే మీదికి ఎగబడ్డయి. ఒకటి బావ ప్యాంటు అంచు పట్టుకుని లాగింది, గుడ్డ చిరిగింది. ఎట్ల తోలిన్నో నాకే తెల్వదు, ఇల్లొచ్చింది.

గేటు తాళం తీద్దామంటే తాళంచెవి రంధ్రంలోకి పోతలేదు. వేళ్లు అంత వణుకుతున్నయి. నోరు ఎండిపోయింది, గుండె చెవుల్లో కొట్టుకుంటున్నది. అమ్మ చెయ్యి పట్టుకుని "మంచుగడ్డ లెక్క ఉందేందిరా" అన్నది. నాన్న బీపీ మిషన్ టేబుల్ మీదనే ఉంటే సరదాకి ఇద్దరం చూసుకున్నం. నాకు 152/66, నాడి 122. బావకి 160/102, నాడి 64!

బావకి దడ లేదు, వణుకు లేదు. తాళం తీసింది కూడా ఆయనే. "నాకు భయమే వెయ్యలేదు" అని పోజు కొడుతున్నడు. కానీ చొక్కా మొత్తం చెమటతో తడిసింది, మొహం సున్నం కొట్టినట్టు తెల్లగ ఉంది, చేతులు నాకంటే చల్లగ ఉన్నయి. ఆయన మైగ్రేన్‌కి ప్రొప్రనొలాల్ 40 రోజుకు రెండుసార్లు వేసుకుంటడు.

భయమేస్తే అడ్రినలిన్ వస్తదని అందరూ అంటరు. వచ్చేది ఒకటే అయితే చేతులు ఎందుకు చల్లబడతయి, గుండె ఎందుకు దంచుతది? ఒక మాత్ర సగం ఆపి సగం ఎట్ల వదిలేసింది?

---

కోఠి కోడింగ్ బాబు | రాత్రి 1:10

సింపుల్ బ్రో. మెడికల్ కోడింగ్‌లో రోజూ చూసేదే. అడ్రినలిన్ కూర్చోవడానికి ఒంట్లో రెండు రకాల రిసెప్టర్లు ఉంటాయి, ఆల్ఫా, బీటా. ఆల్ఫా అంటే బిగించేది, బీటా అంటే వదులు చేసేది. మీ బావ వేసుకునేది బీటా బ్లాకర్. వదులు చేసేది ఆగిపోయింది కాబట్టి రక్తనాళాలన్నీ బిగుసుకుని బీపీ పెరిగింది. అంతే.

---

బోడుప్పల్ శారద | ఉదయం 6:35

నాకూ ఇదే సమస్య అండీ. పొద్దున లేవగానే నీరసం, ఏ పనీ చేయబుద్ధి కాదు. అడ్రినల్ గ్రంథి అలసిపోయిందని ఒకరు ఏదో పొడి ఇచ్చారు, నెలకు పద్దెనిమిది వందలు. మూడు నెలలు వాడాను. ఇంకా వాడాలా ఆపాలా?

---

రిటైర్డ్ పంతులు | ఉదయం 7:20

కిరణ్, ముందు ఒక మాట. బావగారి పిక్క మీద చర్మం వెలుతురులో చూశారా? సన్నటి గీత పడ్డా సబ్బు పెట్టి పావుగంట ధారకింద కడిగి, ఈరోజే టీకాకి తీసుకెళ్లండి. మిగతా కథ తరవాత.

శారదమ్మా, మీది వేరే ప్రశ్న. అడ్రినల్ గ్రంథి ఒక్కటిగా కనిపిస్తుంది కానీ లోపల రెండు కాపురాలు. పై పొర కార్టిసాల్ లాంటివి తయారు చేస్తుంది. నడిమి గుజ్జు, అంటే మెడుల్లా, అడ్రినలిన్ తయారు చేస్తుంది. "అలసిపోయిన అడ్రినల్" అనే జబ్బును ఎండోక్రైన్ వైద్యులు గుర్తించరు. ఆ డబ్బుతో హిమోగ్లోబిన్, థైరాయిడ్, షుగర్ పరీక్షలు చేయించుకోండి.

ఇక కిరణ్ సంగతి. ఈ గుజ్జు నిజానికి గ్రంథి వేషం వేసుకున్న నరాల ముడి. గండం వచ్చినప్పుడు ఒంటిని సిద్ధం చేసేవి సింపథెటిక్ నరాలు. వెన్నుపాము నుంచి వచ్చే ఆ నరం మామూలుగా దారిలో ఒక ముడి దగ్గర ఆగి, అక్కణ్ణుంచి రెండో నరం అవయవానికి వెళ్తుంది. ఇక్కడ మాత్రం మొదటి నరం నేరుగా గుజ్జులోకే దిగుతుంది. గుజ్జు కణాలకు తోకల్లేవు. అందుకని సరుకును నేరుగా రక్తంలోకి ఒలకబోస్తాయి. అందులో దాదాపు 80 శాతం అడ్రినలిన్, మిగతాది ఎక్కువగా నారడ్రినలిన్. నారడ్రినలిన్‌ను అడ్రినలిన్‌గా మార్చే ఎంజైమ్ తయారవ్వాలంటే పై పొర నుంచి దిగే కార్టిసాల్ కావాలి. రెండు కాపురాలు పక్కపక్కనే ఉండటంలో లాభం అదీ.

కుక్క మీదికి దూకిన మొదటి సెకన్లలో మీ ఒంట్లో పనిచేసింది ఈ గ్రంథి కాదు, నరాలు. అవి గుండె దగ్గరా చర్మం దగ్గరా నారడ్రినలిన్ వదిలేశాయి. గ్రంథి సరుకు రక్తంలో కలిసి ఒళ్లంతా తిరిగి రావడానికి ఇంకాస్త సమయం పడుతుంది. ఒకసారి వచ్చాక ఎక్కువసేపు నిలవదు కూడా, రెండు మూడు నిమిషాల్లో సగం పోతుంది. అందుకే అడుగుతున్నా, ఇల్లు చేరాక ఎన్ని నిమిషాలకు బీపీ చూశారు?

బాబూ, మీ ఆల్ఫా బీటా సూత్రం దగ్గర ఆగాలి. సాయంత్రం రాస్తాను.

---

మల్కాజిగిరి కిరణ్ | ఉదయం 8:05

సార్, కాలు చూసినం. మడమ పైన చిన్న గీత ఉంది, రక్తం రాలే. అమ్మ తిట్టి ఇప్పుడే పంపించింది, టీకాకి లైన్లో ఉన్నడు.

బీపీ గేటు దాటిన నాలుగైదు నిమిషాలకు. ముందు నాకు, తర్వాత ఆయనకు.

---

తార్నాక రవి | ఉదయం 9:30

నాకు ఆస్తమా, ఇరవై ఏళ్లుగా పఫ్. ఒకటి చెప్తా. సాల్బుటమాల్ రెండు మూడు పఫ్‌లు ఎక్కువైతే కిరణ్‌కు వచ్చినట్టే వేళ్లు వణుకుతాయి. టీ కప్పు సాసర్ మీద టకటకలాడుతుంది. భయం అస్సలు ఉండదు, హాయిగా సోఫాలో కూర్చుని ఉంటా. మరి ఆ వణుకు మనసులోంచి కాదన్నమాటేగా?

---

రిటైర్డ్ పంతులు | సాయంత్రం 6:45

రవిగారు సగం జవాబు చేతిలో పెట్టారు. సాల్బుటమాల్ ప్రధానంగా బీటా-2 అనే ఒక్క రకాన్నే తడుతుంది. వేళ్లు వణికాయంటే, కండరాల్లో ఉన్న బీటా-2 మీద మందు పడిందని అర్థం. కిరణ్ వేళ్లలో అదే పని అడ్రినలిన్ చేసింది. బావగారి మాత్ర బీటా-2 తలుపు మూసేసింది, అందుకే తాళం ఆయన తీయగలిగారు. ధైర్యం కథ కాదు.

ఇప్పుడు బాబు సూత్రం. ఆల్ఫా బిగిస్తుంది, బీటా వదులుతుంది అనుకుంటే గుండెను ఎక్కడ పెడతారు? గుండెలో ఉన్నది ముఖ్యంగా బీటా-1. అది వదలదు, ఉరికిస్తుంది. పేగు గోడలో ఆల్ఫా ఉంది, అక్కడ కదలిక తగ్గుతుంది, బిగించదు. ఈ చిక్కు చాలా పాతది. 1906లో హెన్రీ డేల్ ఎర్గాట్ అనే బూజు మందు ఇచ్చిన జంతువులకు అడ్రినలిన్ ఎక్కిస్తే, పెరగాల్సిన బీపీ పడిపోయింది. బిగించే సగం మూసుకుపోయి, వదిలే సగం బయటపడిందన్నమాట. కానీ "ఉత్తేజపరిచేవి, అణచేవి" అని రెండు గంపలు పెడితే గుండె ఎప్పుడూ తప్పు గంపలో పడేది. 1948లో ఆల్‌క్విస్ట్ ఆ పేర్లు పక్కన పెట్టి, ఏ మందుకు ఏ అవయవం ఎంత గట్టిగా స్పందిస్తుందో వరసలు కట్టి చూశాడు. రెండే వరసలు తేలాయి. వాటికి అర్థమేమీ లేని అక్షరాలు పెట్టాడు, ఆల్ఫా, బీటా. అర్థం లేకపోవడమే అందులో తెలివి. బీటాలో గుండెది ఒకటి, ఊపిరి గొట్టాలది ఒకటి అని 1967లో విడదీశారు. ఈ మధ్యలో జేమ్స్ బ్లాక్ ప్రొప్రనొలాల్ తయారు చేశాడు, 1988లో నోబెల్ వచ్చింది. అది బీటా-1, బీటా-2 రెండిటినీ మూస్తుంది. ఆల్ఫా జోలికి పోదు.

ఇక మీ ఇద్దరి అంకెలు.

కిరణ్, నీ పై అంకె 152. గుండె బీటా-1 వల్ల వేగంగా, గట్టిగా కొట్టింది కాబట్టి అది పెరిగింది. కింది అంకె 66 చూడు. భయపడ్డ మనిషికి అది పెరగాలి కదా అనుకుంటాం. చర్మంలో చిన్న ధమనుల మీద ఆల్ఫా-1 దండిగా ఉంది. అవి బిగుసుకుని రక్తాన్ని లోపలికి నెట్టాయి, మీ అమ్మ చేతికి మంచుగడ్డలా తగిలింది అదే. కానీ కండరాల ధమనుల మీద బీటా-2 ఎక్కువ. ఒంటి బరువులో కండ దాదాపు నలభై శాతం. అంత పెద్ద తోటలో పైపులు తెరుచుకుంటే కింది అంకె తగ్గకుండా ఎలా ఉంటుంది? చర్మం మూసింది, కండ తెరిచింది, రెండూ ఒకే అడ్రినలిన్. మోతాదు తక్కువగా ఉన్నప్పుడు బీటా-2 మాట నెగ్గుతుంది. మరీ ఎక్కువైతే కండ ధమనుల మీదా ఆల్ఫాయే గెలుస్తుంది. నారడ్రినలిన్‌కు బీటా-2 దగ్గర పెద్దగా పలుకుబడి లేదు, అందుకే అది ఒక్కటే ఎక్కిస్తే కింది అంకె కూడా పెరుగుతుంది.

బావగారి దగ్గర బీటా-2 మూసి ఉంది. కండ ధమనులు తెరుచుకోలేదు. చర్మంలో, కండలో, అన్నిచోట్లా ఆల్ఫాకి ఎదురు లేదు. కింది అంకె 102. బీపీ పెరిగితే మెడ దగ్గరి ఒత్తిడి కాపలాదారులు గుండెకు వేగస్ నరం ద్వారా "నెమ్మది" అని కబురు పెడతాయి. మామూలు మనిషిలో బీటా-1 తొందర ఆ కబురును మింగేస్తుంది. ఆయనలో బీటా-1 కూడా మూసే ఉంది కాబట్టి కబురు చక్కగా చేరింది. 64.

ఒక హెచ్చరిక. వణికే చేతి మీద ఇంటి మిషన్‌తో ఒకే ఒక్కసారి చూసిన అంకెలివి. నువ్వు హ్యాండిల్ బిగించి తోలావు, ఆయన వెనక కాళ్లు పైకెత్తి కూర్చున్నాడు, అదీ తేడానే. నాలుగైదు నిమిషాల తరవాత చూశారు కాబట్టి అసలు శిఖరం దాటిపోయి ఉంటుంది. అయితే అడ్రినలిన్ ఎక్కించి చేసిన పాత ప్రయోగాల్లో ఏ దిశలో మారుతుందో, మీ అంకెలూ అటే ఉన్నాయి.

---

కోఠి కోడింగ్ బాబు | సాయంత్రం 7:15

ఒప్పుకుంటున్నా మాస్టారూ, గుండె గంప తప్పు. మరి చెమట? అదీ సింపథెటిక్ పనే కదా. మాత్ర దాన్ని ఎందుకు ఆపలేదు?

---

ఫార్మసీ పద్మ | సాయంత్రం 7:40

నేను చెప్తా, మా కౌంటర్ దగ్గర రోజూ పనికొచ్చే విషయం. చెమట గ్రంథికి వెళ్లేది సింపథెటిక్ నరమే, కానీ చివర్లో అది వదిలేది నారడ్రినలిన్ కాదు, ఎసిటైల్‌కోలిన్. బీటా బ్లాకర్‌కి దాంతో సంబంధమే లేదు. అందుకే చొక్కా తడిసింది.

దీనివల్ల ఇన్సులిన్ వేసుకునేవాళ్లకు ఒక చిక్కు ఉంది. షుగర్ పడిపోతే ఒళ్లు అడ్రినలిన్ పంపుతుంది. దడ, వణుకు వస్తే మనిషి చక్కెర నోట్లో వేసుకుంటాడు. ప్రొప్రనొలాల్ మీద ఉన్నవాళ్లకు ఆ రెండు గంటలూ మోగవు. ఒక్క చెమటే మిగులుతుంది. పైగా కాలేయంలో దాచిన చక్కెరను బయటికి తీయించే పనిలో బీటా-2కీ వాటా ఉంది, కాబట్టి కోలుకోవడం కూడా ఆలస్యం కావచ్చు. అలాంటి చీటీ వస్తే నేను అడుగుతా, "ఉన్నట్టుండి చల్లటి చెమట పడితే ముందు షుగర్ చూసుకుంటారా?" అని.

రవిగారూ, ఆస్తమా ఉన్నవాళ్లు ఈ మాత్ర జోలికి వెళ్లకూడదు, మీకు తెలిసే ఉంటుంది.

---

తార్నాక రవి | రాత్రి 8:05

బాగా తెలుసు. పెళ్లి చూపులప్పుడు కంగారు తగ్గుతుందని స్నేహితుడు ఒకటి ఇచ్చాడు. వేసుకున్న గంటకు పిల్లి కూతలు. పెళ్లివాళ్లు టిఫిన్ పెడుతుంటే నేను కిటికీ దగ్గర నిలబడి ఊపిరి లాక్కుంటున్నా.

---

రిటైర్డ్ పంతులు | రాత్రి 8:30

రవిగారికి జరిగిందాంట్లో ఒక విశేషం ఉంది. ఊపిరి గొట్టాల కండరానికి సింపథెటిక్ నరాలు చాలా తక్కువ. బీటా-2 మాత్రం నిండా ఉంది. అంటే ఆ రిసెప్టర్లు ఎదురు చూసేది నరం కోసం కాదు, రక్తంలో వచ్చే అడ్రినలిన్ కోసం. మెడుల్లా నిజంగా అవసరపడే చోట్లలో అదొకటి. గుండెకు, చర్మానికి సొంత నరాలున్నాయి. రెండు అడ్రినల్ గ్రంథులూ తీసేసిన రోగులకు జీవితాంతం పై పొర హార్మోన్లు మాత్రల రూపంలో ఇస్తారు, అవి లేకపోతే ప్రాణానికే ముప్పు. అడ్రినలిన్ మాత్రం ఎవరూ తిరిగి ఇవ్వరు. నరాలే నెట్టుకొస్తాయి.

---

సైదాబాద్ లత | రాత్రి 9:10

ఇదంతా చదువుతుంటే ఒళ్లు జలదరించింది. మా అమ్మకు 62. చేతి వణుకుకు ప్రొప్రనొలాల్ వాడుతుంది. పోయిన నెల ఒక క్లినిక్‌లో పన్ను తీయించాం. మందుల సంగతి ఎవరూ అడగలేదు, నాకూ చెప్పాలని తట్టలేదు. మత్తు సూది ఒకసారి వేశారు, సరిగ్గా పట్టలేదని రెండోసారి. నాలుగు నిమిషాలకు "తల పగిలిపోతోంది" అని కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుంది. మిషన్ పెడితే 196/108, నాడి 50. డాక్టరు భయమన్నాడు. భయమైతే నాడి పరుగెత్తాలి కదా అని నేను ఆరోజు నుంచీ అనుకుంటూనే ఉన్నా. ఇరవై నిమిషాలకు దానంతటదే దిగింది.

---

రిటైర్డ్ పంతులు | రాత్రి 9:50

లతమ్మా, నీ అనుమానం సరైనది. భయం ఒక్కటే అయితే బీపీ అంత ఎగిసి నాడి 50కి దిగడం అరుదు.

పంటి మత్తు మందులో లిగ్నోకెయిన్‌తో పాటు అడ్రినలిన్ కలుపుతారు. చిగుళ్ల ధమనుల్ని ఆల్ఫా-1 బిగిస్తే రక్తం తగ్గుతుంది, మత్తు అక్కడే నిలుస్తుంది. మన దగ్గర ఎక్కువగా వాడేది 1:80,000. అంటే ఒక మిల్లీలీటరుకు 12.5 మైక్రోగ్రాములు. ఒక్కో సూది 2 మిల్లీలీటర్లనుకుంటే రెండిటికీ 50. గుండె జబ్బున్నవాళ్లకు 40 దాటొద్దని దంతవైద్యంలో పాత లెక్క ఒకటుంది. ఆరోగ్యవంతుడికి 50 పెద్ద సంఖ్య కాదు, కాస్త దడ వచ్చి పోతుంది, ఎందుకంటే బీటా-2 కండ ధమనుల్ని తెరిచి భారం పంచుకుంటుంది. మీ అమ్మగారిలో ఆ దారి మూసి ఉంది. చిగురులోంచి రక్తంలోకి ఎక్కిన అడ్రినలిన్‌కు ఆల్ఫా ఒక్కటే దొరికింది. బీపీ ఎగిసింది, వేగస్ గుండెను తగ్గించింది. బావగారి కథే, ఇంకాస్త గట్టిగా. పైకి ఎగిసిన బీపీ, కిందికి పడిన నాడి, ఈ రెండూ జంటగా కనిపిస్తే గుర్తుపట్టాలి. సూది మొన రక్తనాళంలోకి దిగి ఉంటే ఇంకా త్వరగా వచ్చేది. నాలుగు నిమిషాలంటే మెల్లగా ఎక్కినట్టుంది.

ఇరవై నిమిషాల్లో దిగిందంటే, చిగురులోంచి ఎక్కడం ఆగాక ఉన్నది కరిగిపోయింది.

---

కోఠి కోడింగ్ బాబు | రాత్రి 10:15

మా కజిన్ డెంటిస్ట్. ఇప్పుడే ఫోన్ చేశా. బీటా బ్లాకర్ వాడే పేషెంట్లకు వందల మందికి ఇచ్చాడట, ఒక్కరికీ ఇలా కాలేదంటున్నాడు. మీరు అనవసరంగా భయపెడుతున్నారేమో?

---

ఫార్మసీ పద్మ | రాత్రి 10:30

ఆ వందల మందిలో ఎక్కువమంది మెటొప్రొలాల్, అటెనొలాల్ వాళ్లయి ఉంటారు బాబూ. అవి ముఖ్యంగా బీటా-1నే మూస్తాయి, బీటా-2 చాలావరకు తెరిచే ఉంటుంది. "బీటా బ్లాకర్" అని ఒకే పేరు పెట్టి లెక్కేస్తే ఈ తేడా కనిపించదు. ఏ మాత్రో పేరు అడగండి.

---

రిటైర్డ్ పంతులు | రాత్రి 10:55

పద్మ చెప్పింది సబబు, బాబు కజిన్ చెప్పిందీ అబద్ధం కాదు. ప్రొప్రనొలాల్ మీద ఉన్నవాళ్లలో కూడా ఒక్క సూదికి చాలామందికి ఏమీ కాదు. ఎవరికి అవుతుందో ముందే చెప్పే పరీక్ష లేదు. కాబట్టి తక్కువ మోతాదు, సూదిని వెనక్కి లాగి రక్తం రాలేదని చూసుకోవడం, మెల్లగా ఎక్కించడం, రెండో సూదికి ముందు ఐదు నిమిషాలు ఆగి బీపీ చూడటం. అడ్రినలిన్ లేని మత్తు కూడా ఉంది, అది త్వరగా దిగిపోతుంది.

లతమ్మా, దీనికి భయపడి మాత్ర మాత్రం మానిపించకు. రోజుల తరబడి మూసిన తలుపుల వెనక ఒళ్లు కొత్త తలుపులు కట్టుకుంటుంది. మాత్ర ఒక్కసారిగా ఆపితే మామూలు అడ్రినలిన్‌కే గుండె గంతులేస్తుంది.

---

మల్కాజిగిరి కిరణ్ | రాత్రి 11:20

సార్, ఇంకొకటి, అడగడానికి సిగ్గుగానే ఉంది. గేటు లోపలికి రాగానే నేను పరుగెత్తింది బాత్రూంకి. అది ఏ రిసెప్టర్?

---

రిటైర్డ్ పంతులు | రాత్రి 11:40

ఈ ప్రశ్నకు నా దగ్గర గట్టి జవాబు లేదు నాయనా. లెక్క ప్రకారం జరగాల్సింది తలకిందులు. బీటా-3 మూత్రాశయం గోడను వదులు చేస్తుంది, ఆల్ఫా-1 మూతిని బిగిస్తుంది. రెండూ "ఆపుకో" అనేవే. భయం పైనుంచి, మెదడులోంచి, ఆ ఏర్పాటును పక్కకు నెట్టేస్తుందని ఒక మాట, గండం గడిచాక, ఒంటిని శాంతపరిచే పారాసింపథెటిక్ నరాల జట్టు ఎదురుతన్నుతుందని ఇంకో మాట. నువ్వు గేటు దాటాక వెళ్లావు కాబట్టి రెండోదానికి మొగ్గుతాను, పందెం మాత్రం కాయను.

---

కోఠి కోడింగ్ బాబు | రాత్రి 11:48

నేను మొదటిదానికే. పరీక్ష హాల్లోకి వెళ్లకముందే క్యూ ఉంటుంది కదా మాస్టారూ, గండం గడవకముందే.

---

కిరణ్ వాళ్ల బావ | రాత్రి 11:55

రెండ్రోజులుగా నా ఒళ్లు ఇక్కడ పోస్ట్‌మార్టం అవుతుంటే చూస్తూ ఉన్నా. టీకా వేయించుకున్నా, థ్యాంక్స్ సార్. చెమట మాత్రం ఉక్కకి. భయం కాదు.

---

రిటైర్డ్ పంతులు | రాత్రి 11:59

బావగారూ, ఉక్కకైతే నుదురు, వీపు తడుస్తాయి. అరచేతులు ఎక్కువగా తడిసేది భయానికి. మీ అరచేతులు ఎలా ఉన్నాయో గుర్తుందా?

---

మల్కాజిగిరి కిరణ్ | రాత్రి 12:03

సార్, కఫ్ తొడుగుతుంటే ఆయన చెయ్యి పట్టుకున్న. సబ్బు లెక్క జారింది.